తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉంది?

అర్ధరాత్రి దాటాక పాతబస్తీ అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళను పోలీసులు వాహనాలెక్కించి తీసుకుపోవడం, ఆపై తల్లిదండ్రులను పిలిపించి నలుగురి ఎదుట హితబోధ చేయడం హైదరాబాదు కొన్నేళ్ళుగా ఎరిగినదే. ‘చబుత్రా’ అన్న మన మాటే ఆ కార్యక్రమానికి పేరైంది. ఆ హితబోధల సారాంశం ఒక్కటే: మీ ఇళ్ళలో అదుపు లేదు, కనుకనే మీ పిల్లలు దారి తప్పుతున్నారు. ఈ నిందకు నేరశాస్త్రంలోని నియంత్రణ సిద్ధాంతాన్ని దన్నుగా చూపే విద్యావంతులు మన సమాజంలోనూ ఉన్నారు. ఆ సిద్ధాంతం నిజంగా చెప్పేదేమిటో చూస్తే ఈ నింద నిలవదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ట్రావిస్ హిర్షీ 1969లో ‘కాజెస్ ఆఫ్ డెలింక్వెన్సీ’ అనే గ్రంథం వెలువరించాడు. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ ప్రాంతంలో సుమారు నాలుగు వేలమంది బడిపిల్లలను ప్రశ్నించి సేకరించిన సమాచారం దానికి ఆధారం. పిల్లలు నేరం ఎందుకు చేస్తారన్నది అతని ప్రశ్న కాదు. ప్రలోభం అందరికీ ఉండగా అత్యధికులు ఎందుకు చేయరన్నదే అతని ప్రశ్న. వారిని ఆపేవి సమాజంతో ఉన్న నాలుగు బంధాలని అతడు సమాధానమిచ్చాడు. తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో ఉండే అనుబంధం మొదటిది. చదువు, భవిష్యత్తు పోగొట్టుకోరాదన్న నిబద్ధత రెండోది. సక్రమమైన పనుల్లో నిమగ్నత మూడోది. చట్టం న్యాయమైనదన్న విశ్వాసం నాలుగోది. ఇవి సడలినప్పుడు నేరానికి దారి తెరుచుకుంటుంది.

నిందించేవారు దాటవేసే సంగతి ఒకటి ఆ గ్రంథంలోనే ఉంది. గడచిన ఏడాదిలో ఒక్క అపరాధమైనా చేశామని స్వయంగా ఒప్పుకున్నవారు శ్వేతజాతి బాలురలో నూటికి 44 మంది, నల్లజాతి బాలురలో 49 మంది. రెండేళ్ళ పోలీసు రికార్డులకెక్కినవారు మాత్రం శ్వేతజాతి బాలురలో 18 మందే కాగా, నల్లజాతి బాలురలో 42 మంది. ఒప్పుకోలులో అంత స్వల్పమైన తేడా రికార్డులో రెట్టింపునకు మించింది. పోలీసులకు తెలిసిన నేరాలను కూడా నల్లజాతి బాలురు కొంత తక్కువగా చెప్పుకున్నారని హిర్షీ, అతని సహచరులు 1981లో అంగీకరించారు కాబట్టి, ఆ వ్యత్యాసమంతా వివక్షేనని మనం వాదించరాదు. కానీ పోలీసు రికార్డును ఒక సమాజపు నడవడికి నిలువుటద్దంగా చూపడం తగదనడానికి ఈ అంకెలు చాలు. పేదల సంస్కృతే నేరాన్ని పెంచి పోషిస్తుందన్న వాదాన్ని కూడా హిర్షీ తోసిపుచ్చాడు. తండ్రి పేదవాడైనా అతనితో అనుబంధమున్న కొడుకు నేరానికి దూరంగానే ఉన్నాడని అతడు గమనించాడు.

ఇప్పుడు మన బస్తీలోని ఒక పదిహేనేళ్ళ బాలుణ్ణి ఊహించుకుందాం. తండ్రి గల్ఫ్‌లో కూలీ. తల్లి ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ఇల్లంతా ఒకే గది. వేసవి రాత్రి ఆ గదిలో నిద్ర పట్టక వాడు అరుగు మీదికి వస్తాడు. వాడి నాలుగు బంధాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అనుబంధాన్ని హిర్షీ కొలిచింది కలిసి గడిపిన గంటలతో కాదు. నీవు బయట ఉన్నప్పుడు ఎక్కడున్నావో, ఎవరితో ఉన్నావో నీ తల్లిదండ్రులకు తెలుసా? నీ మనసులో మాట వారికి చెబుతావా? ఇవీ అతని ప్రశ్నలు. ప్రలోభం ఎదురైన క్షణంలో తండ్రి ముఖం కొడుకు మనసులో మెదలాలి, అంతే. రియాద్‌లో ఉన్న తండ్రి అయినా రోజూ ఫోనులో కొడుకు స్నేహితులను పేరుపేరునా అడుగుతుంటే ఆ బంధం బతికే ఉంటుంది. ఈ కొస మన చేతిలోనే ఉంది, దీనికి మనమే జవాబుదారులం. అయితే ఆ తల్లిని నలుగురి ముందు నిలబెట్టి దోషిని చేసినప్పుడు ఏమవుతుంది? కొడుకు కళ్ళముందే ఆమె గౌరవం పోతుంది. బాలుణ్ణి ఆపగల ఒకే ఒక్క ముఖాన్ని పోలీసులే చిన్నబుచ్చినవారవుతారు.

రెండోది నిబద్ధత. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడే తప్పుకు వెనకాడతాడు. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు అసలు బడి ముఖం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. అది తెలిసి కూడా 2022లో కేంద్రప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థుల ఉపకార వేతనాలను ఆపివేసింది. అదే ఏడాది పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ రద్దు చేసింది. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ఉచిత విద్య ఇస్తోంది కదా అన్నది మొదటి నిర్ణయానికి చెప్పిన సాకు. ఫీజు లేకపోతే చాలా? బడి మాని కొడుకు తెచ్చే కూలీడబ్బుతో ఇల్లు నడిచే కుటుంబానికి ఆ చిన్నమొత్తమే వాణ్ణి బడిలో ఉంచే కారణం. ఈ తాడు రెండో కొస ఢిల్లీలో ఉంది.

మూడోది నిమగ్నత. మన పెద్దలు ఎక్కువగా నమ్మేది దీనినే. క్రికెట్ పోటీ పెడితే, ఏదో పనిలో పెడితే పిల్లలు బాగుపడతారని వారి ఆశ. హిర్షీ సమాచారంలో అన్నిటికన్నా బలహీనంగా తేలింది ఇదే. ఉద్యోగం చేస్తున్న బాలురు చేయనివారికంటే మెరుగ్గా కనబడలేదు. ఇంటిదగ్గర చదువుకు కూర్చునే సమయం మాత్రం తేడా చూపింది. తప్పు చేయడానికి ఎంతో సమయం అక్కర్లేదు కాబట్టి, ఖాళీ సమయాన్ని నింపినంత మాత్రాన ఫలితం ఉండదు. టోర్నమెంట్ కప్పులకు ఖర్చు చేసే చందాలతో బస్తీలో రాత్రి చదువుకునే గది ఒకటి తెరిస్తే, అరుగు మీది బాలుడికి నిజంగా ఒక చోటు దొరుకుతుంది.

నాలుగోది విశ్వాసం. 2007లో మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుబడిన మన యువకులు న్యాయస్థానంలో నిర్దోషులుగా తేలారు. 2012లో ప్రభుత్వమే వారికి పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. ఈ కథ వింటూ పెరిగిన బాలుడికి చట్టం నీదీ అని చెప్పి నమ్మించడం తల్లిదండ్రులకు సాధ్యమా? చట్టాన్ని అమలుచేసేవారి నడవడే ఆ నమ్మకాన్ని పెంచుతుంది, తుంచుతుంది.

ఈ సిద్ధాంతానికి పరిమితులున్నాయి. హిర్షీ తన ప్రధాన విశ్లేషణలో నల్లజాతి బాలురను, బాలికలను పక్కన పెట్టాడు. ఒకే కాలపు సర్వే కనుక, బంధం సడలి నేరం పుట్టిందా, నేరంలో పడి బంధం సడలిందా అన్నది దానినుంచి పూర్తిగా తేలదు. స్నేహితుల ప్రభావాన్ని తక్కువగా అంచనా వేశానని అతడే ఒప్పుకున్నాడు. కాబట్టి దీనిని మన పిల్లలపై తీర్పుగా వాడే అధికారం ఎవరికీ లేదు.

తల్లిదండ్రులమైన మనం రాత్రి కొడుకు ఎక్కడున్నాడో తెలుసుకుందాం, వాడి మాట విందాం. ఆ బాధ్యతను తప్పించుకోవడం లేదు. ప్రభుత్వాన్ని అడిగేవి కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉపకార వేతనాలను పునరుద్ధరించాలి. ఏ నేరమూ చేయని బాలుణ్ణి అరుగు మీద కూర్చున్నందుకు వాహనమెక్కించడం మానాలి. తల్లితో మాట్లాడవలసి వస్తే ఆమె గుమ్మం దగ్గర, గౌరవంగా, ఒంటరిగా మాట్లాడాలి. అవి చేయకుండా మీ ఇళ్ళలో అదుపు లేదని మనకు చెప్పే హక్కు ప్రభుత్వానికి లేదు.