పెట్టుబడి నీది, చాకిరీ నాది

ఎర్రుపాలెం వైపు ఇద్దరు స్నేహితులు మిర్చి వ్యాపారం పెట్టాలనుకున్నారనుకోండి. ఒకడి దగ్గర డబ్బుంటుంది. ఇంకొకడికి కల్లంలో కాయ చూడగానే ధర చెప్పగలిగే కన్నుంటుంది. "లాభమైనా నష్టమైనా చెరిసగం రా" అని టీ కొట్టు దగ్గరే మాట అయిపోతుంది. నా పేచీ అంతా ఆ చెరిసగంతోనే.

లెక్క వేసి చూద్దాం. మొదటివాడు 8 లక్షలు పెట్టాడు, రెండోవాడు 2 లక్షలు. రెండేళ్లపాటు రైతుల దగ్గర కొన్నదీ, బస్తాలు కోల్డ్ స్టోరేజీకి తోలిందీ, ఖమ్మం మార్కెట్లో అమ్మిందీ రెండోవాడే. ధర పడిపోయింది. బాకీలన్నీ తీర్చాక 6 లక్షలు మిగిలాయి. అంటే 4 లక్షల నష్టం, తలా 2 లక్షలు. మొదటివాడికి 6 లక్షలూ వెళ్తాయి, రెండోవాడికి సున్నా. పోనీ రెండేళ్ల జీతమన్నా అడుగుదామంటే, పత్రంలో రాసుకోకపోతే భాగస్వామికి జీతం లేదంటుంది 1932 భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్.

అందుకే లాభం పంచుకునే ముందు పని చేసేవాడికి నెలకు ఎంత ఇవ్వాలో రాసుకోవాలి. నష్టాన్ని ఏ లెక్కన పంచాలో విడిగా రాసుకోవాలి. పెట్టుబడి లెక్కన అనుకుంటే ఇదే కథలో రెండోవాడి మీద పడేది 80 వేలు. 1 లక్షా 20 వేలు చేతికొస్తాయి. డబ్బు పెట్టినవాడు దీనికి ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఆ వాదన మొదటి బస్తా కొనకముందే జరగనివ్వండి.

ఇక విడిపోవడం. గడువు రాసుకోని భాగస్వామ్యాన్ని ఇద్దరిలో ఎవరైనా ఒక్క నోటీసుతో రద్దు చేయొచ్చు. అప్పటికి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంటే దాన్ని ఏ ధరకు లెక్కగట్టాలి? కొన్న ధరా, ఇవాళ్టి ధరా? నోటీసు ఇచ్చిన వారంలో ఖమ్మం మార్కెట్లో ఆ రకానికి పలికిన సగటు ధర, అందులోంచి అద్దె, హమాలీ తీసేసి, అని రాసుకుంటే గొడవ సగం తగ్గుతుంది. ఒకరు చనిపోతే వారసులతో వ్యాపారం నడుస్తుందని రాసుకున్నా ఇద్దరి సంస్థలో అది నిలవదు. ఒక్కడే మిగిలితే భాగస్వామ్యమే ఉండదు. ఆ ఇంటివాళ్లకు ఎంత, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలో రాసుకోవడమే దారి.

పత్రం రాసి బీరువాలో పెట్టుకుంటే చాలదు. సంస్థను రిజిస్టర్ చేయించకపోతే, సరుకు కొని డబ్బు ఎగ్గొట్టిన వ్యాపారి మీద సంస్థ దావా వేయలేదు. భాగస్వామి మీద కూడా, రద్దు, ఖాతాల తేల్పు తప్ప, పత్రంలోని షరతు అమలు చేయమని అడగలేం. తర్వాత చేయించుకుందాంలే అనుకుంటారు చాలామంది. ఆ దరఖాస్తు మీద భాగస్వాములందరూ సంతకం పెట్టాలి. మాటల్లేని రోజుల్లో అవతలివాడు ఆ సంతకం ఎందుకు పెడతాడు?