ముందు ‘వెళ్ళొస్తానండీ’ అనడం నేర్చుకుందాం

పోయినేడాది హైదరాబాద్‌లో ఒక పెద్ద టెక్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళాను. "వీలైనంత మందిని కలవాలి" అన్నదే నా ప్లాన్. మొదటి స్టాల్ దగ్గర ఒకాయనతో మాట కలిపాను. ఐదు నిమిషాల్లో విషయం అయిపోయింది. కానీ ఎలా కదలాలో తెలీక ఇంకో ఇరవై నిమిషాలు తల ఊపుతూ నిలబడ్డాను. ఆయన చూపు నా వెనకాల ఉన్నవాళ్ళ మీదే ఉంది, పాపం. ఆ తర్వాత ఇంకెవరి దగ్గరికీ వెళ్ళబుద్ధి కాలేదు. లంచ్ దాకా ఛార్జింగ్ పాయింట్ పక్కనే కూర్చున్నా.

అప్పుడే నాకు ఒకటి అర్థమైంది. నాలాంటి ఇంట్రోవర్ట్‌కి అసలు భయం మాట మొదలుపెట్టడం కాదు, ముగించడం. బయటికి దారి తెలీని గదిలోకి ఎవరు మాత్రం ధైర్యంగా వెళ్తారు?

ఈ ఏడాది లెక్క మార్చాను. ముందురోజు రాత్రి షెడ్యూల్ చూసి ఇద్దరు స్పీకర్లని, ఒక స్టాల్‌ని ఎంచుకున్నా. ముగ్గురికీ తలా ఒక ప్రశ్న రాసుకున్నా. అంతే, ఆ రోజుకి అదే టార్గెట్. "పది కాంటాక్ట్‌లు" అనేది ఎదుటివాళ్ళ మీద ఆధారపడుతుంది. ప్రశ్న అడగడం మాత్రం నా చేతిలోనే ఉంటుంది. డేటాబేస్ గురించి మాట్లాడిన ఆవిడని, "ఈ మార్పు చేశాక మొదట ఏది పాడైందండీ?" అని అడిగాను. స్లైడ్స్‌లో లేని సంగతి కాబట్టి ఇష్టంగా చెప్పారు.

సమాధానాలు చిన్నవైపోయినా, చూపు పక్కకి జరిగినా, లేవాల్సిన టైమ్ వచ్చినట్టే. అప్పుడు మూడు మాటలు చాలు: వాళ్ళ దగ్గర తెలుసుకున్నది, థాంక్స్, నేను ఎక్కడికి వెళ్తున్నానో. "రోల్‌బ్యాక్ గురించి మీరు చెప్పింది మా ప్రాజెక్ట్‌లో ట్రై చేస్తానండీ. చాలా థాంక్స్. పక్క హాల్లో సెషన్ మొదలవుతోంది, వెళ్ళొస్తాను." మూడోది మాత్రం నిజమే అయ్యుండాలి. ఫోన్ వచ్చిందని అబద్ధం చెప్పి వెళ్ళి, రెండు నిమిషాల్లో కాఫీ క్యూలో మళ్ళీ వాళ్ళకే ఎదురుపడితే ఇద్దరికీ ఇబ్బందే. ఇంకోటి, ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగా కొంచెం కొంచెంగా వెనక్కి జరగొద్దు. మన వాక్యం పూర్తి చేసి అప్పుడు కదలాలి.

స్టాల్ దగ్గర కూడా పని అయింది. ఒక్కో సంభాషణ తర్వాత పది నిమిషాలు బయటికెళ్ళి ఒంటరిగా నిలబడ్డా. అది కూడా ప్లాన్‌లో భాగమే. మూడో మనిషిని మాత్రం కలవలేకపోయాను, ఆ స్పీకర్ చుట్టూ ఒకటే గుంపు. రాసుకున్న ప్రశ్ననే ఆ రాత్రి లింక్డ్‌ఇన్‌లో పంపాను.

ఇలా లెక్కపెట్టుకుని మాట్లాడటం కృత్రిమం అంటాడు మా రూమ్మేట్. మాట బాగా సాగుతుంటే లెక్క వదిలేయొచ్చు, నేనూ ఒప్పుకుంటా. కానీ లెక్క లేని రోజు నేను ఒక్కరితోనే మాట్లాడాను, అదీ ఆయన్ని విసిగించి.

మన ఇళ్ళల్లో గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తా" అనమంటారు. వెళ్ళడంలోనే మళ్ళీ రావడం ఉంది. కాన్ఫరెన్స్ హాల్లో కూడా ఆ ఒక్క మాట సరిపోతుంది.