ఆడి బ్యానర్‌లో శాతమా, రూపాయలా?

మనలో జవుళి కొట్లున్నవాళ్ళు ఆడి తళ్ళుపడి బ్యానర్లు రాయించే వేళ ఇది. నాది తమిళ బడి చదువు, తెలుగు రాతలో తప్పులుంటే మన్నించండి. లెక్కలో ఉంటే మాత్రం చెప్పండి.

60 రూపాయల తువాలుకు 20 శాతమంటే 12 రూపాయలే. కాబట్టి అక్కడ శాతం పెద్దగా కనిపిస్తుంది. 6000 పట్టుచీరకు 10 శాతం 600 రూపాయలు, అక్కడ రూపాయలే పెద్దవి. పెద్ద అంకె వేసుకోవడం నా దృష్టిలో మోసం కాదు, తగ్గేది అంతే కదా.

చిక్కల్లా కొట్టంతటికీ ఒకే బ్యానర్ కట్టినప్పుడే. "500 తగ్గింపు" అని బారెడు అక్షరాలు, "3000 పైన కొంటే" అని చీమంత అక్షరాలు. 3000 బిల్లుకు అది దాదాపు 17 శాతం. 10,000 బిల్లుకు 5 శాతమే! 10 శాతమని రాస్తే 5000 దగ్గర రెండూ సమానం, ఆపైన కొనేవాళ్ళకు శాతమే లాభం. పెళ్ళి బట్టలకు వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళాక ఈ లెక్క వేస్తారు.

శాతం రాసినా, దేనిమీదో చెప్పాలి. సీనియర్ సిటిజన్లలో మగవాళ్ళకు 40 శాతం రాయితీ ఉన్న రోజుల్లో అది మూల ఛార్జీమీదే, రిజర్వేషన్ రుసుముమీద కాదు. కౌంటర్‌లో రోజూ నాతో తగువే.

నా మాట: షరతును అంకె పక్కనే, అంతే అక్షరాల్లో రాయించండి. "వరకు" అన్న మాటనూ అలాగే. చీటీమీద పాత ధర, కొత్త ధర రెండూ వేయండి. పాత ధర అంటే పోయిన నెల నిజంగా అమ్మిన ధర.