వెయ్యి లోపు జనం, లైసెన్సు లేని సీసా

ఊళ్లో జనాభా వెయ్యి దాటకపోయి, లైసెన్సున్న మందుల షాపు లేకపోతే, అక్కడి కిరాణా కొట్టువాడు దగ్గు సిరప్ అమ్ముకోవచ్చు. ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఔషధ నియమాల్లోని షెడ్యూల్ కె, 13వ పద్దు ఇచ్చిన మినహాయింపు ఇది. అందులో ఆస్పిరిన్, పారాసిటమాల్, తలనొప్పి బాము, గ్రైప్ వాటర్, ఆముదం సరసన 'దగ్గుకు సిరప్‌లు' కూడా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న కిష్టారం చుట్టుపక్కల గూడేలను దృష్టిలో పెట్టుకుని ఈ నియమాన్ని మరోసారి చదవండి. డాక్టరు దూరంగా ఉండి, మందుల షాపు లేని చోటే సిరప్‌కు తలుపు తెరిచి పెట్టారు. పట్నంలో ఫార్మసిస్టు చేతి మీదుగా వెళ్లాల్సిన సీసా, అడవి ఊళ్లో ఉప్పు ప్యాకెట్టు పక్కన నిలబడొచ్చు.

ఈ మినహాయింపుకు షరతులు లేకపోలేదు. కంపెనీ సీలు విప్పకూడదు, లైసెన్సున్న హోల్‌సేలరు దగ్గరో తయారీదారు దగ్గరో కొని ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇంకొకటుంది. ఆ మందులో షెడ్యూల్ జి, హెచ్, ఎక్స్‌లలోని పదార్థమేదీ ఉండకూడదు. చూడటానికి ఇది గట్టి కంచెలాగే ఉంటుంది. ఇప్పుడు బజారులో దొరికే దగ్గు, జలుబు సిరప్ ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. చాలా సీసాల మీద క్లోర్ఫెనిరమైన్ మాలియేట్ కనిపిస్తుంది. జలుబును ఎండగట్టి మగత తెచ్చే ఈ మందు షెడ్యూల్ జిలో ఉంది. పొడి దగ్గు సిరప్‌లలో డెక్స్ట్రోమెథార్ఫన్ ఉంటుంది. అది షెడ్యూల్ హెచ్‌లోది. డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజైన్, ట్రైప్రోలిడిన్ కూడా మగత మందులే, షెడ్యూల్ జి జాబితాలోవే. నియమాన్ని అక్షరాలా పాటిస్తే గూడెం కొట్టులో మిగిలేది చాలావరకు తులసి, తేనె, మెంథాల్ రకాలే. కానీ పాటించాల్సింది ఎవరు? ఇంగ్లిషులో చీమతలంత అక్షరాల్లో ఉన్న రసాయనం పేరును పట్టుకుని, అది ఏ షెడ్యూల్లో ఉందో తేల్చాల్సిన బాధ్యతను, ఫార్మసీ చదవని కొట్టువాడి నెత్తిన పెట్టారు. ఇన్నేళ్లుగా ఈ చట్టం నడుస్తున్న తీరు ఇదీ.

కొట్టువాడి సంగతి అలా ఉంచి, కొనేవాళ్ల సంగతి చూద్దాం. కిష్టారం మనిషికి ఇంట్లో దోర్లా మాటో కోయ మాటో, సంతలో తెలుగు, ఆఫీసులో హిందీ. భద్రాచలానికో చర్లకో వెళ్లి తెచ్చుకున్న సీసా మీద మాత్రం ఇంగ్లిషు. దాన్ని చదివించుకోవడానికి బడికెళ్లే పిల్లాడో ఊరి ఆరోగ్య కార్యకర్త మితానినో దొరికితే అదృష్టం. అలా చదివేవాళ్ల కోసమైనా ఒక సీసాను కాస్త నిదానంగా చూద్దాం.

ముందు చూడాల్సింది కంపెనీ పేరూ కాదు, నారింజ పండు బొమ్మా కాదు. 'ప్రతి 5 మిల్లీలీటర్లలో' అని మొదలయ్యే చిన్న పేరా. ఒక పొడి దగ్గు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు క్లోర్ఫెనిరమైన్ 2 మిల్లీగ్రాములు, డెక్స్ట్రోమెథార్ఫన్ 10 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. పెద్దవాళ్లు పూటకు 10 మిల్లీలీటర్ల చొప్పున మూడు పూటలు తాగితే క్లోర్ఫెనిరమైన్ రోజుకు 12 మిల్లీగ్రాములు. మూత కొలత పారేసి ఇంట్లో పెద్ద చెంచాతో పోస్తే, అది 15 మిల్లీలీటర్లు పట్టేదైతే, 18 అవుతుంది. ముక్కు కారుతోందని దానితోపాటు మూడు పూటలా ఒక జలుబు మాత్ర వేసుకుంటే, అందులోనూ అదే మందు 2 మిల్లీగ్రాముల చొప్పున ఉంటే, మొత్తం 24. పెద్దవాళ్లకు రోజుకు దాటకూడని గీత అదే. సీసా పేరు వేరు, మాత్ర పేరు వేరు కాబట్టి రెండు మందులు వేసుకున్నామనే ఆ మనిషి అనుకుంటాడు. సాయంత్రం కాసింత ఇప్పసారా కూడా పడిందంటే, మగత మీద మగత చేరి ఊపిరి మందగిస్తుంది. ఆ రాత్రి సైకిలెక్కడం, చెట్టెక్కడం, నిప్పు దగ్గర పడుకోవడం, ఏది చేసినా ప్రమాదమే.

ఇక కోడీన్. దీన్ని మామూలు కొట్టులోనే కాదు, మందుల షాపులో కూడా చీటీ లేకుండా ఇవ్వకూడదు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1లో కోడీన్ ఉంది. ఎవరికి అమ్మారో, ఏ డాక్టరు రాశారో షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. సీసా మీద ఎర్ర గీతల పెట్టె, ఎర్రటి ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటాయి. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవాటి మీద ఆ గుర్తుకు ముందు ఎన్ అనే అక్షరం చేరుతుంది. ఇంగ్లిషు రాకపోయినా ఎరుపు రంగు కనిపిస్తుంది గనుక, కిష్టారం ఇంట్లో ఎవరైనా గుర్తుపెట్టుకోగల ఆనవాలు ఇదొక్కటే. ఎర్రపెట్టె కనిపిస్తే ఆ సీసాను డాక్టరు మాట లేకుండా విప్పకూడదు.

ఈ కట్టడి ఎందుకో చెప్పాలి. దగ్గు సిరప్‌లలో కోడీన్ మామూలుగా 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాములు. అంటే 100 మిల్లీలీటర్ల సీసాలో 200 మిల్లీగ్రాములు. ఒంట్లోకి వెళ్లాక కాలేయం అందులో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. ఎంత వేగంగా మారుస్తుందన్నది పుట్టుకతో వచ్చే గుణం. కొందరిలో అది చాలా వేగం. కెనడాలోని టొరంటోలో 2005లో పదమూడు రోజుల పసికందు చనిపోయింది. కాన్పు తర్వాతి నొప్పికి తల్లి వేసుకున్న కోడీన్ ఆమె ఒంట్లో వేగంగా మార్ఫిన్‌గా మారి, పాల ద్వారా బిడ్డకు చేరిందని అప్పట్లో డాక్టర్లు రాశారు. తల్లి వేసుకున్నది మామూలు మోతాదే. పన్నెండేళ్ల లోపు పిల్లల దగ్గుకు కోడీన్ వాడొద్దని 2015లో యూరప్ మందుల సంస్థ, 2017లో అమెరికా ఎఫ్‌డీఏ చెప్పాయి. పాలిచ్చే తల్లులు, ఆయాసం ఉన్నవాళ్లు, నిద్ర మాత్రలు వేసుకునేవాళ్లు, మద్యం తాగేవాళ్లు కూడా దాని జోలికి పోకూడదు. తాగినవాళ్ల కంటిపాప సూదిమొనలా చిన్నదైనా, ఊపిరి నెమ్మదించినా, గట్టిగా తట్టినా లేవకపోయినా, తెల్లారాక చూద్దామనుకోకుండా ఆ రాత్రే ఆస్పత్రికి చేర్చాలి.

మన ప్రభుత్వాలు కోడీన్‌తో ఆడిన దాగుడుమూతలు కూడా తక్కువేమీ కాదు. క్లోర్ఫెనిరమైన్, కోడీన్ కలిపిన సిరప్‌ను 2016 మార్చిలో కేంద్రం 340కి పైగా మిశ్రమాలతో పాటు నిషేధించింది. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మళ్లీ పరిశీలించి 2023 జూన్‌లో ఇంకోసారి నిషేధించారు. నడుమ గడిచిన ఏడేళ్లు ఆ సీసా అమ్ముడుపోతూనే ఉంది.

మగత మందుల గురించి తల్లులకు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. సిరప్ పోశాక బిడ్డ దగ్గు తగ్గి నిద్రపోతే, జబ్బు తగ్గిందనుకుంటాం. నిమ్ము చేసిన బిడ్డ కూడా అలాగే నిద్రపోతుంది. లోపల కఫం మాత్రం బయటకు రాదు. తేమ దగ్గుకు దగ్గును అణిచే మందు పోయడం అంటే, వరద నీటికి తూము మూయడమే. అందుకే సిరప్ కోసం వెతికే ముందు బిడ్డ చొక్కా ఎత్తి, నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40, అంతకు చేరినా మించినా నిమ్ము అనుమానించాలి. రొమ్ము కింద డొక్కలు లోపలికి పోతున్నా అంతే. ఏడాది దాటిన బిడ్డకు పొడి దగ్గుకు చెంచాడు తేనె చాలా సిరప్‌లకంటే మేలు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. పెద్దవాళ్లకు రెండు వారాలు దాటిన దగ్గుకు కావాల్సింది గళ్ల పరీక్ష. అది ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. సీసా వెనక సీసా తాగి క్షయను నెలలపాటు కప్పిపెట్టడం మాత్రం ఖరీదైన పని.

ఇంత చదివినా లేబుల్ చెప్పని సంగతి ఒకటి మిగిలిపోతుంది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా, దాని పరిసర జిల్లాల్లో 20 మందికి పైగా పిల్లలను బలితీసుకున్న కోల్డ్రిఫ్ సీసా మీద పారాసిటమాల్, ఫినైలెఫ్రిన్, క్లోర్ఫెనిరమైన్ అని మూడు పేర్లు ఉన్నాయి. డైఇథైలీన్ గ్లైకాల్ అన్న పేరు లేదు. తమిళనాడు ఔషధ శాఖ పరీక్షలో ఎస్‌ఆర్-13 బ్యాచ్‌లో ఆ విషం 48.6 శాతం తేలింది. అనుమతించిన హద్దు 0.1 శాతం. కాంచీపురంలోని తయారీ సంస్థ సిరప్‌ను కలిపిన ద్రావకంలోనే లోపం. అక్టోబరు తొలి వారంలోనే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరించింది. ఆ హెచ్చరిక చర్ల దాటి అడవిలోకి ఎప్పుడు చేరిందన్నది అడగాల్సిన ప్రశ్న. జలుబు మందు తాగిన బిడ్డ వాంతులు చేసుకుంటూ మూత్రం పోయకపోతే, ఆ సీసాను పారేయకుండా చేతిలో పట్టుకునే ఆస్పత్రికి పరుగెత్తాలి. బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.

విషం పేరు లేబుల్ మీద ఉండదు సరే, ఉండాల్సిన హెచ్చరికైనా ఉందా? క్లోర్ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు మీద 'నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దు' అని ముద్రించాలని ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే తయారీదారులకు చెప్పింది. ఆ మాట కోల్డ్రిఫ్ సీసా మీద లేదని తర్వాత పత్రికలు రాశాయి. ఛింద్వాడా తర్వాత, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే కూడదని, ఐదేళ్ల లోపు వారికి మామూలుగా సిఫారసు చేయకూడదని కేంద్ర ఆరోగ్య సేవల విభాగం 2025 అక్టోబరు 3న సలహా ఇచ్చింది. సలహా కాగితాన్ని కిరాణా కొట్టు చదవదు.

షెడ్యూల్ కెలోని ఆ పద్దు నుంచి 'సిరప్' అన్న మాట తీసేస్తామని 2025 డిసెంబరులో కేంద్రం ముసాయిదా ప్రకటించింది. ఛింద్వాడాలో ఇన్ని ప్రాణాలు పోతే తప్ప ఆ ఒక్క మాట మీదికి ఎవరి చూపూ పోలేదు. దాన్ని కొట్టేస్తే సరిపోదు. పక్క రాష్ట్రం నుంచి సంతకు వచ్చే సంచిలోని సీసాను ఛత్తీస్‌గఢ్ ఇన్‌స్పెక్టరూ చూడడు, తెలంగాణ ఇన్‌స్పెక్టరూ చూడడు. సుక్మా, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల ఔషధ అధికారులు కలిసి సరిహద్దు సంతల్లో తనిఖీ చేయాలి. వయసు హెచ్చరికను తెలుగులోనూ హిందీలోనూ, సీసా ముందువైపు, పండు బొమ్మకు తగ్గని సైజులో ముద్రించమని తయారీదారులను ఆదేశించాలి. బ్యాచ్ వెనక్కి పిలిచిన ప్రతిసారీ ఆ కబురు కాగితం రూపంలో మితానిన్ చేతికి చేరాలి. అది ఏ రోజు చేరిందో రాసిన రిజిస్టరును జిల్లా కలెక్టరు అడిగి చూడాలి.