అమ్మ ఫోన్‌లో మన మెసేజ్ ఎంత పొడవు?

పోయిన వేసవిలో మా అమ్మ ఒక్కతే హైదరాబాద్ నుంచి దుబాయ్, షికాగోల మీదుగా మేముండే డెమాయిన్‌కు వచ్చింది. బయలుదేరే ముందు "షికాగోలో ఏం చెయ్యాలిరా?" అని వాట్సాప్‌లో అడిగింది. నేను ఆఫీసు లాప్‌టాప్‌లో అన్నీ వివరంగా ఒకే పేరాగా టైప్ చేసి పంపాను. నా స్క్రీన్ మీద అది ఎనిమిది లైన్లే.

షికాగోలో అమ్మ ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలు తీసుకోకుండానే తర్వాతి విమానం ఎక్కేసింది. అవి మూడో రోజుకు ఇల్లు చేరాయి. బీపీ మందులు వాటిలోనే ఉన్నాయి.

"రాశాను కదమ్మా!" అంటే తన ఫోన్ నా చేతిలో పెట్టింది. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు పెద్దవి చేసుకుంది. నా లాప్‌టాప్‌లో లైనుకు పన్నెండు మాటలు పడితే అక్కడ మూడే. అంటే నా ఎనిమిది లైన్లు అక్కడ ముప్పై రెండు! పొడవైన మెసేజ్‌ను వాట్సాప్ మధ్యలో ఆపి Read more అని చూపిస్తుంది. పెట్టెల సంగతి దాని కిందే ఉండిపోయింది. మెసేజ్ అక్కడితో అయిపోయిందనుకుంది అమ్మ. తప్పు ఆవిడది కాదు, నాది.

ఇప్పుడైతే మూడు మెసేజ్‌లుగా పంపేవాణ్ని:

"అమ్మా, షికాగోలో నీ రెండు పెట్టెలు నువ్వే తీసుకోవాలి."

"బయటికి రాగానే కనెక్టింగ్ విమానాల కౌంటర్‌లో వాటిని మళ్లీ ఇచ్చెయ్యి."

"ఆ తర్వాతే డెమాయిన్ విమానం గేటుకు వెళ్లు."

చెయ్యాల్సిన పని ముందు, కారణం అడిగితే తర్వాత. ఒక్కో మెసేజ్‌కు ఒక్కో "సరే" వస్తే అన్నీ చదివినట్టు. నీలం టిక్కులను నమ్మలేం. మెసేజ్ తెరిచారనే అవి చెబుతాయి, చివరిదాకా చదివారని కాదు.

పెద్దవాళ్లకు ఇలా ముక్కలుగా రాస్తే పొడిపొడిగా ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఆప్యాయత ఎక్కడికీ పోదు, దాన్ని చివరి మెసేజ్‌లో పెడదాం అంటాను నేను.

అయితే ముక్కలు చెయ్యడానికీ హద్దుంది. ఫ్యామిలీ గ్రూపులో మధ్యలో ఎవరో గుడ్ మార్నింగ్ పెడితే వరుస చెదిరిపోతుంది. అక్కడ ఒకే మెసేజ్ రాసి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక ఖాళీ లైను వదలడం మేలు. ఇక "ఈ మాత్ర వేసుకో, షుగర్ తక్కువుంటే మాత్రం వద్దు" లాంటివాటిని విడగొట్టకూడదు. మొదటి సగమే చదివితే ప్రమాదం. అలాంటప్పుడు ఫోన్ చేసి చెప్పాలి.

ముఖ్యమైన మెసేజ్ అయితే ముందు నాకు నేనే పంపుకుని, నా ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి చూస్తున్నాను. అసలు సంగతి వేలితో జరపకుండానే కనిపిస్తే అమ్మకు పంపుతాను. లేదంటే మళ్లీ రాస్తాను.