‘కల్లు’ అన్న పిల్లాడిది ఖసూర్ కాదు



రెండో తరగతి చదివే మా చిన్నోడు ఒకరోజు క్లాసులో లేచి, "టీచర్, నా కల్లు మండుతున్నాయి" అన్నాడు. వాడి ఉద్దేశం కళ్ళు. సాయిబుల పిల్లాడి నోట కల్లు మాటేమిట్రా అని క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మా నవ్వు ఆపుకోలేదు. ఆ తర్వాత వాడు బడిలో నోరు విప్పడం మానేశాడు. పేరెంట్స్ మీటింగ్‌లో నాకు దొరికిన మశ్వరా ఒక్కటే: "ఇంట్లో ఉర్దూ తగ్గించండి."

ఈ మశ్వరా గలత్ అని సాఫ్‌గా చెబుతున్నాను. ఉర్దూలో ‘ళ’ లేదు, నిజమే. అందుకే మన పిల్లలు పెళ్ళిని పెల్లి అంటారు, నీళ్ళను నీల్లు అంటారు. కానీ ఉర్దూలో ‘ట’ ఉంది కదా! టోపీ అన్నప్పుడు నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి తగులుతుంది. అదే చోట నాలుక పెట్టి ‘ల’ అనమంటే వచ్చేది ‘ళ’. అంటే తాళంచెవి మన మాదరీ జబాన్‌లోనే ఉంది. మశ్వరా ఇచ్చినవాళ్ళు దాన్నే పారేయమంటున్నారు.

మదరసాలో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. మన దక్కనీలో ‘ఖాఫ్’కి, ‘ఖే’కి తేడా లేదు, రెంటినీ ‘ఖ’ అనే అంటాం. ఖాయిదా చెప్పే ఉస్తాద్ అందుకని ఇంట్లో దక్కనీ మానేయమంటారా? అనరు. మఖ్రజ్ చూపిస్తారు, ముందు వినిపిస్తారు, నెమ్మదిగా అనిపిస్తారు, తర్వాతే రవానీ. బడిలో నోరు తిరగని వాక్యాలకూ ఇదే తరీఖా ఉండాలి.

ఉన్నది వేరు. యాన్యువల్ డే స్టేజీ మీద ఎవరు వేగంగా అంటే వాళ్ళకు ఇనాం. ‘ళ’ ముందే వచ్చిన పిల్ల గెలుస్తుంది, రాని పిల్లాడు సిగ్గుతో దిగిపోతాడు. అంటే ఎవరి కోసం ఆ ఆట ఉందో వాళ్ళనే అది తరిమేస్తోంది.

ఇంట్లో మేం చేసింది చెబుతాను. మొదటి వారం నోటికి పని లేదు, చెవికే. వాడు వీపు తిప్పి కూర్చుంటాడు, నేను ‘కల’, ‘కళ’ అని మార్చి మార్చి అంటాను, ‘కళ’ వినబడితే చెయ్యెత్తాలి. చెవి పట్టుకోని తేడా నాలుక పట్టుకోలేదు. రెండో వారం నేను అల్లిన వాక్యం ఇచ్చాను:

"చెల్లి పెళ్ళికి తెల్ల మల్లెలు, మల్లి పెళ్ళికి మళ్ళీ మల్లెలు."

ముందు ఒక్కో మాట, తర్వాత ఒక్కో ముక్క, చివర మొత్తం. పెల్లి అని వినబడగానే వేగం తగ్గించాం. తొందరలో తప్పుగా పదిసార్లు అంటే నాలుకకు ఆ తప్పే ఆదత్ అవుతుంది.

అయితే దీనికి ఒక హద్దుంది. ఇలాంటి వాక్యం నాలుకను సరిచేస్తుంది గానీ మాట్లాడించదు. మాట్లాడించేది పహేలీ. అదీ పిల్లాడు జవాబు చెప్పేది కాదు, వాడే తయారుచేసేది. షరతు ఏమిటంటే మూడు పూర్తి వాక్యాలుండాలి, వస్తువు పేరు రాకూడదు. మావాడు వజూ లోటా తీసుకున్నాడు:

"నాకు ముక్కుంది, వాసన తెలీదు. కడుపు నిండా నీళ్ళున్నా తాగను. నమాజ్‌కి ముందు నన్ను వెతుకుతారు. ఎవర్ని?"

జవాబు చెప్పేవాళ్ళు కూడా "లోటా" అని వదిలేయకూడదు. "అది లోటా, ఎందుకంటే..." అని చెప్పి తీరాలి. ఆ ‘ఎందుకంటే’ దగ్గరే అసలు మాట మొదలవుతుంది. ఇక దస్తర్‌ఖాన్ ముందు ఖాఫియా కలిపే ఆట: ఒకరు బడి అంటే ఇంకొకరు తడి, గుడి, పొడి. మాట దొరకనివాడు ఆ మూడింటితో ఒక వాక్యం కట్టాలి.

వచ్చిందని ఎలా తెలుసు? ఆటలో సరిగ్గా అంటే చాలదు. మూడు వారాల తర్వాత పక్కింటి ఆంటీతో, "మా ఇంట్లో నీళ్ళు రాలేదు" అన్నాడు, ఎవరూ అడక్కుండా. అదీ ఇమ్తిహాన్. నత్తి ఉన్న పిల్లలను మాత్రం ఈ పందేల్లో నిలబెట్టకండి. వాళ్ళను స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి.

మనవాళ్ళదీ తప్పుంది. "పహేలీలతో మార్కులొస్తాయా?" అని ట్యూషన్‌కి తోలేస్తాం. అక్కడ కాపీ రాయిస్తారు, "చుప్ బైఠో" అంటారు. దాదీ, నానీ నోటి పహేలీలు వాళ్ళతోనే ఖబ్రస్తాన్‌కి పోతున్నాయి. తర్వాత, మావాడు నలుగురిలో మాట్లాడడని మనమే వాపోతాం.

టీచర్లకు నా గుజారిష్ ఒక్కటే. పిల్లాడు ‘కల్లు’ అంటే నవ్వకండి, ఇంటి జబాన్‌ని తిట్టకండి. "టోపీ అను బాబూ, నాలుక ఎక్కడ తగిలింది?" అని అడగండి. అర నిమిషం పని. మా ఇంట్లో ఉర్దూ మాత్రం తగ్గదు.