ముప్పావు దాటితే...

మా తెనాలిలో గని లేదు. బాపట్లలో లేదు. రేపల్లెలో అసలే లేదు, అటువైపు నాలుగు గడ్డపార పోట్లు వేస్తే నీళ్లే పడతాయి. అయినా పోయిన నెల ఒక భూగర్భ బొగ్గు గని తాలూకు భద్రతా నోటీసు నా బల్ల మీదికొచ్చింది. లోపల గాలి ఎలా ఆడాలి, గ్యాస్ ఎంత కనిపిస్తే ఏం చెయ్యాలి అన్నది విషయం. షిఫ్టు దిగే కార్మికుల కోసం తెలుగులో కావాలన్నారు. అంతకుముందే ఎవరో చేసిన తెలుగు కాగితం ఒకటి జతచేశారు. గని పేరు మనకు అనవసరం.

ఆ కాగితంలో మొదటి వాక్యం ఇదీ: 'వాయు ప్రసరణ ద్వారములు సర్వకాలములయందు సంవృతముగా ఉంచబడవలెను.' మా బాబాయి సింగరేణిలో ముప్పయ్యేళ్లు సర్దార్‌గా చేసి, ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాడు. ఆయనకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, 'ఇది గోడకంటిస్తే గోడే చదువుకోవాలిరా' అన్నాడు.

ముందు తలుపుల సంగతి అర్థం చేసుకోవాలి. దానికి గని చూడక్కర్లేదు, మన కాల్వలు తెలిస్తే చాలు. తెనాలి ఊళ్లోంచి మూడు కాల్వలు పోతాయి. హెడ్ దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా మధ్యలో ఎవడో గండి కొట్టాడంటే శివారు పొలానికి చుక్క రాదు. గనిలో గాలి కూడా అంతే. పైనుంచి మంచి గాలి దిగే దారి ఇన్‌టేక్, పని జాగాలన్నీ తిరిగి చెడిపోయిన గాలి పైకెళ్లే దారి రిటర్న్. ఒకటి పంట కాల్వ, ఒకటి మురుగు కాల్వ. తేడా ఒక్కటే. కాల్వ పల్లానికి పారుతుంది. గనిలో మాత్రం సాధారణంగా రిటర్న్ చివర కూర్చున్న పెద్ద ఫ్యాన్ గాలిని పీల్చి లాగుతుంది. ఇన్‌టేక్‌కీ రిటర్న్‌కీ మధ్య మనుషులు దాటే చోట రెండేసి తలుపులుంటాయి. అవి రెండూ తెరిచి వదిలేస్తే అదే గండి. లాగే గాలికి దగ్గరి దారి దొరికింది కాబట్టి బొగ్గు కొట్టే ఫేస్ దాకా పోదు. పైన ఫ్యాన్ మోత మోగుతూనే ఉంటుంది, కింద శివారు ఎండిపోతుంది.

అందుకే బొగ్గు గనుల నిబంధనలు గాలిని హెడ్ దగ్గర కొలిచి ఊరుకోవు. పెద్ద షిఫ్టులో ఉన్న మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజుకు తీసే టన్ను బొగ్గుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు, వీటిలో ఏది ఎక్కువైతే అంత గాలి ఆ పని జరిగే భాగం, గనివాళ్ల మాటలో జిల్లా, దాని చివరి కనెక్షన్ దగ్గర ఉండాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. అంటే ఒక్కో మనిషికీ అయిదు నిమిషాల్లోపే ఒక గదెడు గాలి కావాలన్నమాట. అదీ శివారులో.

ఇది తెలిశాక వాక్యం దానంతటదే మారింది: 'రెండు తలుపులూ ఒకేసారి తియ్యొద్దు. మొదటిది మూశాకే రెండోది తియ్యాలి. తలుపుకి రాయి గానీ చెక్క గానీ అడ్డం పెట్టొద్దు.' బాబాయి రాయి దగ్గర తలూపాడు. 'సామాను మోసుకొచ్చేవాడు చేసే పని సరిగ్గా అదే' అన్నాడు. ఇన్‌టేక్‌నీ రిటర్న్‌నీ నేను తెలుగు చెయ్యలేదు. 'నిర్గమ వాయుమార్గం' అని పాత కాగితంలో ఉంది. ఆ మాట గనిలో ఎవడూ అనడు. రిటర్న్ అన్నది వాళ్లకి ఇంట్లో పెరడు లాంటి మాట.

తరువాతది నేనే బోల్తా పడిన చోటు. పాత కాగితంలో గ్యాసులన్నిటికీ ఒకటే పేరు: విషవాయువు. నేనూ మొదట అదే ఉంచేశాను. మా వైపు పాడుబడ్డ బావిలో పూడిక తియ్యాలంటే ముందు తాడుకి లాంతరు కట్టి దించేవాళ్లు. దీపం ఆరిపోతే దిగేవాళ్లు కాదు. బావి అడుగున చేరేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, గాలికన్నా బరువైనది. ఆక్సిజన్ తగ్గిన చోట దీపం నిలవదు. ఆ తెలివి బావికి సరిపోతుంది. బొగ్గు గనిలో అదే తెలివి పదిమందిని చంపుతుంది.

ఎందుకంటే అక్కడ ముఖ్య శత్రువు మీథేన్. అది విషం కాదు, మండేది. గాలిలో సగం బరువు కాబట్టి కప్పుని అంటుకుని పలచటి పొరలా పరుచుకుంటుంది. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. దాని ముందు లాంతరు పెట్టడమంటే అగ్గిపుల్ల గియ్యడమే. 1815లో డేవీ తన దీపం మంట చుట్టూ సన్నటి తీగ వల బిగించింది ఇందుకే. ఆ వల వేడిని పంచేసుకుని లోపలి మంటని బయటికి పోనివ్వదు. మంట తగ్గించి చూస్తే, గ్యాస్ ఉన్నప్పుడు దాని నెత్తిన నీలం టోపీ లాంటిది లేస్తుంది. సుమారు 1.25 శాతం ఉంటే గానీ ఆ టోపీ కంటికి ఆనదు. ఇప్పుడు మీటర్లొచ్చాయి. కానీ మీటరుని ఛాతీ ఎత్తున పట్టుకున్నవాడికి, నెత్తి మీద పొర కట్టిన మీథేన్ సంగతి తెలియదు.

ఇక కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు, ఇదే నిజమైన విషం. ఇలా మూడు గ్యాసులు మూడు రకాలుగా చంపుతాయి, ఒక్కోదాన్ని ఒక్కోలా వెతకాలి. మూడింటికీ ఒకటే పేరు పెట్టిన కాగితం చదివినవాడికి ఎక్కడ చూడాలో తెలియదు. అందుకే ఇలా రాశాను: 'మీథేన్ కప్పు దగ్గర చూడాలి. కార్బన్ డయాక్సైడ్ నేల దగ్గర, పల్లంలో చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ ముక్కుకి తెలియదు, మీటరునే నమ్మాలి.'

అంకెల దగ్గర బాబాయికి నిజంగానే కోపం వచ్చింది. నిబంధన ప్రకారం జిల్లా రిటర్న్ గాలిలో మండే గ్యాస్ 0.75 శాతం మించకూడదు. గనిలో ఏ చోటైనా సరే 1.25 మించకూడదు, మించితే కరెంటు తీసెయ్యాలి. పాత కాగితంలో మాత్రం ఒకచోట '25 శాతం గ్యాస్ ఉన్నచో అలారం మోగును' అని ఉంది. ఇంగ్లీషు తీసి చూశాను. అక్కడ 25 పక్కన `%LEL` అని ఉంది. అనువాదకుడు ఆ మూడక్షరాలు వదిలేశాడు. ఆ లెక్క వేరు. పేలడం మొదలయ్యే 5 శాతాన్ని వంద అనుకుంటే అందులో 25 వంతులు, అంటే గాలిలో 1.25 శాతమే. కొన్ని మీటర్లు `%LEL` చూపిస్తాయి, కొన్ని `%VOL` చూపిస్తాయి. రెండో రకం మీటరు చేతిలో ఉన్నవాడు ఆ తెలుగు కాగితం నమ్మి 25 కోసం ఎదురుచూస్తే, మధ్యలో 5 నుంచి 15 దాకా ఉన్న పేలుడు మేర మొత్తం దాటాలి. అందుకని ఆ గనిలో వాడే మీటరు ఏదో కనుక్కుని, దాని తెర మీద కనిపించే అంకెనే, పక్కనుండే అక్షరాలతో సహా, ఉన్నదున్నట్టు దించాను.

చదివి వినిపించేటప్పుడు ఇంకో చిక్కు. ఫ్యాన్ల మోతలో, ఫోనులో 'ఒకటి పాయింట్ రెండు ఐదు' అంటే పాయింట్ ఎగిరిపోతుంది. 'ఒకటింబావు అను, పోదు' అన్నాడు బాబాయి. నిజమే. ముప్పావు, ఒకటింబావు అని కొలిచే జాతి మనది. తెర మీది అంకె అంకెలాగే వేసి, పక్కన ఈ మాట కూడా రాశాను.

రాసేశాక రేపల్లె నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించాను. నా స్నేహితుడి కొడుకు, గనిలో కొత్తగా చేరి శిక్షణలో ఉన్నాడు. చదివించి, 'అర్థమైందా' అని అడగలేదు. ఆ ప్రశ్నకి అందరూ అయిందనే అంటారు. కాగితం వెనక్కి తీసుకుని, 'ఒకటింబావు కనిపించింది, ఏం చేస్తావురా' అన్నాను.

'బయటికొచ్చేస్తా బాబాయ్.'

'ఏ దారిన?'

'దగ్గరున్న దారిన.'

తప్పు వాడిది కాదు, నాది. 'బయటికి రావాలి' అని మాత్రమే రాశాను. దగ్గరి దారి రిటర్న్ అయితే వాడు గ్యాస్ పోయే దారిలోనే నడుస్తాడు. 'ఇన్‌టేక్ దారిన' అని కలిపాను. అప్పుడు మా బాబాయి అడ్డం పడ్డాడు. మంట ఇన్‌టేక్ వైపు లేస్తే పొగ మంచి గాలితోపాటే మీదికొస్తుంది గదా అన్నాడు. దాంతో ఇంకో వాక్యం చేరింది: 'ఆ దారిలోనే పొగ వస్తుంటే సర్దార్ చూపించిన రెండో దారిన రావాలి.' 1994 జనవరిలో బెంగాల్ న్యూ కెండా గనిలో 55 మంది చనిపోయింది మంటల్లో కాలి కాదు, ఆ మంట పుట్టించిన కార్బన్ మోనాక్సైడ్ పీల్చి.

దాని కోసమే నడుముకి సెల్ఫ్ రెస్క్యూయర్ కట్టుకుంటారు. పాత కాగితం దాన్ని 'ప్రాణవాయు పరికరం' అంది. ఆ గనిలో ఉన్నది ఫిల్టర్ రకం. అది ఆక్సిజన్ పుట్టించదు, పీల్చే గాలిలోని కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి వదులుతుంది, అంతే. గాలిలో ఆక్సిజనే తక్కువైన చోట అది కాపాడలేదు. ఆక్సిజన్ తనే ఇచ్చే రకం వేరే ఉంది. ఫిల్టర్ రకంలో ఇంకో సంగతి, అది పనిచేస్తుంటే వేడెక్కుతుంది. విషం ఎంత ఎక్కువుంటే నోట్లోకి వచ్చే గాలి అంత వేడిగా ఉంటుంది. తెలియనివాడు చెడిపోయిందనుకుని పీకేస్తాడు. ఇంగ్లీషు నోటీసులో ఈ సంగతి చివరి పేరాలో ఒక మూల ఉంది. నేను దాన్ని పైకి తెచ్చాను: 'గాలి వేడిగా వస్తుందా? అది పనిచేస్తోంది. మంచి గాలిలోకి వచ్చేదాకా నోట్లోంచి తియ్యొద్దు.'

ఒకటిన్నర పేజీ ఇంగ్లీషు తెలుగులో పదకొండు వాక్యాలైంది. 'బడవలెను'లన్నీ పోయాయి. మూసేదెవరో, కరెంటు తీసేదెవరో, ఏ దారిన నడవాలో ప్రతి వాక్యంలోనూ ఉంది. ఆఫీసు గోడకి కాకుండా క్యాప్ ల్యాంపులిచ్చే కిటికీ పక్కన పెట్టమని రాసి పంపాను. దిగే ప్రతి మనిషీ అక్కడ ఆగక తప్పదు.

ఇలాంటి కాగితం రేపు ఎవరైనా మీ చేతిలో పెడితే, రైసు మిల్లుదైనా కోల్డ్ స్టోరేజీదైనా, తెలుగు చేశాక పండితుడికి చూపించకండి. ఆ పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి చదివించి, కాగితం లాక్కుని, ఇప్పుడేం చేస్తావని అడగండి. వాడు తప్పు చెబితే దిద్దాల్సింది మీ వాక్యాన్ని.